"చేసుకుంటేనే ఇస్తాం" అని రాసే వీలునామాల మీద మా మాట

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. చదివాక ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఉన్న మన ఎరుకల, యానాది ఇళ్ళలో ఇప్పుడిప్పుడే ఒక మార్పు కనబడుతోంది. మొదటి తరం ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు, కూలి డబ్బు కూడబెట్టి అరెకరమో పావెకరమో కొన్నవాళ్ళు ఇప్పుడు వీలునామాలు రాయిస్తున్నారు. మంచిదే. నోటిమాట మీద నడిచిన మన ఆస్తులు కాగితం మీదికి వస్తున్నాయంటే మేము సంతోషిస్తాం. కానీ ఆ కాగితాల్లో ఆడపిల్లల వాటా దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యం దూరుతోంది. "మన కులంలోనే, పెద్దల సమ్మతితో వివాహం చేసుకున్నచో మాత్రమే ఈ ఆస్తి ఆమెకు చెందవలెను." ఇంకొంచెం చదువుకున్న ఇల్లయితే, "డిగ్రీ పాసైనచో మాత్రమే."

కొడుకు వాటా దగ్గర ఈ వాక్యం ఉండదు. వాడు ఎవర్ని చేసుకున్నా, పదో తరగతి తప్పినా కొబ్బరితోట వాడిదే. ఈ తేడా గురించి మేము తిట్టి ఊరుకోవచ్చు. కానీ తిట్టడం కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ వాక్యాలు చట్టంలో ఎలా పనిచేస్తాయో రాసేవాళ్ళకీ తెలీదు, రాయించేవాళ్ళకీ తెలీదు. "అలాంటి షరతులు కోర్టులో చెల్లవులే" అని ధైర్యంగా తిరిగే మన పిల్లలకి అసలే తెలీదు. షరతు చెల్లకపోతే ఆస్తి మనకొస్తుందని వాళ్ళ నమ్మకం. చాలాసార్లు దానికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. ఈ పోస్టు దాని గురించే.

ఏ చట్టం మనకి వర్తిస్తుంది

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. వీలునామా లేకుండా మనిషి పోతే ఆస్తి ఎవరికి వెళ్ళాలో హిందువులకి చెప్పేది 1956 హిందూ వారసత్వ చట్టం. అందులో సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. అంటే కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చిన 2005 సవరణ పక్కింటి అమ్మాయికి ఉంది, మన అమ్మాయికి లేదు.

వీలునామా లోపల రాసిన షరతుల సంగతి చూసేది వేరే చట్టం, 1925 భారత వారసత్వ చట్టం. హిందువులు రాసే వీలునామాలకి దాని సెక్షన్ 57 ద్వారా ఈ నిబంధనలు వర్తిస్తాయి. క్రైస్తవులైన మనవాళ్ళకి నేరుగానే వర్తిస్తాయి. ఈ చట్టంలో తెగల్ని మొత్తంగా బయట పెట్టే సెక్షన్ లేదు. ఫలానా తెగకి మినహాయింపు ఇవ్వాలంటే సెక్షన్ 3 కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. కాబట్టి మన వాదన అంతా ఈ 1925 చట్టం మీదే నిలబడుతుంది. అందులో 124 నుంచి 138 దాకా ఉన్న సెక్షన్లు మన విషయానికి సంబంధించినవి. అన్నీ అక్కర్లేదు, నాలుగైదు అర్థమైతే చాలు.

(మేము మాట్లాడేది స్వార్జితం గురించి, సొంత డబ్బుతో కొన్న భూమి గురించి. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి లెక్క వేరు. ఏజెన్సీలో 1/70 లెక్క వేరు. వాటిని ఇక్కడ కలపకండి.)

ఒకే పాపం, రెండు తీర్పులు

ఆ చట్టం రాసినవాళ్ళు ప్రతి సెక్షన్ కిందా ఉదాహరణలు ఇచ్చారు. వాటిలో రెండు పక్కపక్కన పెట్టి చూస్తే మొత్తం ఆట అర్థమవుతుంది.

సెక్షన్ 127: చట్టానికో నీతికో విరుద్ధమైన షరతు మీద ఇచ్చిన ఆస్తి చెల్లదు. దీని కింద ఉదాహరణ ఏంటంటే, ఒకాయన తన మేనకోడలికి, ఆమె భర్తని వదిలేస్తే 5,000 రూపాయలు ఇస్తానని రాశాడు. అది చెల్లదు.

జాగ్రత్తగా చూడండి. చట్టం "షరతు చెల్లదు" అనలేదు, "ఇచ్చింది చెల్లదు" అంది. అంటే ఆ 5,000 ఆమెకి రాదు. భర్తని వదిలినా రాదు, వదలకపోయినా రాదు. తప్పుడు షరతు రాసింది మేనమామ, డబ్బు పోగొట్టుకున్నది మేనకోడలు.

ఇప్పుడు సెక్షన్ 133. దీని కింద ఉదాహరణలో ఒకావిడకి ఆమె బతికున్నంత కాలం ఆస్తి ఇచ్చారు, ఆమె భర్తని వదలకపోతే ఆ ఆస్తి ఇంకొకరికి పోవాలని రాశారు. ఇక్కడ తీర్పు వేరు. ఆ షరతు అసలు రాయనే లేదన్నట్టు చూసి, ఆమె జీవితాంతం ఆస్తి అనుభవించవచ్చు.

రెండు చోట్లా షరతు ఒక్కటే, భర్తని వదలమని. ఒకచోట ఆమె మొత్తం పోగొట్టుకుంది, ఇంకోచోట మొత్తం నిలబెట్టుకుంది. ఎందుకు? మొదటిదాంట్లో షరతు గుమ్మం ముందు ఉంది. అది తీరితేనే ఆస్తి ఆమె చేతికొస్తుంది. గుమ్మం కూలితే లోపలికి దారే లేదు, ఎందుకంటే షరతు తీసేసి ఆస్తి ఇవ్వమని కోర్టు చెప్పిందంటే అది రాసినాయన ఇవ్వనిదాన్ని కోర్టు ఇచ్చినట్టవుతుంది. రెండోదాంట్లో ఆస్తి ముందే ఆమె చేతికొచ్చేసింది. షరతు వెనకాల వచ్చి లాక్కోవడానికి చూస్తోంది. లాక్కునే చెయ్యి చెల్లదు అంటే ఆస్తి ఉన్నచోటే ఉంటుంది.

తెలుగులో ఈ తేడా ఒక్క ముక్కలో ఉంటుంది. "చేసుకుంటేనే చెందును" అంటే గుమ్మం ముందు షరతు. "ఆమెకు చెందును, అయితే ఫలానా పని చేసినచో పోవును" అంటే వెనకాల షరతు. దస్తావేజు రాసే గుమాస్తా ఆ రోజు ఏ వాక్యం వాడాడన్న దాని మీద ఒక ఆడపిల్ల జీవితం ఆధారపడుతోంది. ఆయనేమో పాత ఫారం చూసి రాస్తాడు.

మన పిల్లలకి దెబ్బ రెట్టింపు

ఇక్కడే మా కోపం అసలు కారణం చెప్తాం.

వేరే కులాల ఇంట్లో ఇలాంటి వాక్యం చెల్లకుండా పోయిందనుకోండి. ఆ భూమి వీలునామా లేని ఆస్తిలోకి పడిపోతుంది, మిగతా ఆస్తి ఫలానావారికి అని వీలునామాలో రాసి ఉంటే తప్ప. వీలునామా లేని ఆస్తిలో కూతురికి 1956 చట్టం ప్రకారం కొడుకుతో సమాన వాటా ఉంది. కాబట్టి షరతు మీద ఓడినా ఆమెకి కింద ఒక వల ఉంది.

మన అమ్మాయికి ఆ వల లేదు. సెక్షన్ 2(2) దాన్ని కోసేసింది. ఆమె ఆచారం మీద పడుతుంది. ఆచారం ఏంటో కోర్టులో రుజువు చేసుకోవాలి. 2022 డిసెంబర్‌లో కమలా నేతి కేసులో ఒడిశాకి చెందిన తెగ కుటుంబం కూతురు భూసేకరణ పరిహారంలో వాటా అడిగింది. 1956 చట్టం ఆమెకి వర్తించదని సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. కొట్టేస్తూనే, గిరిజనేతర కూతురికి ఉన్న హక్కు గిరిజన కూతురికి లేకుండా పోవడానికి కారణం కనబడట్లేదనీ, దీన్ని మార్చే సంగతి కేంద్రం చూడాలనీ చెప్పింది. తరవాత 2025 జూలైలో రామ్ చరణ్ కేసులో, ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబంలో, ఆడవాళ్ళకి వాటా లేదన్న ఆచారం ఉందని ఎదుటివాళ్ళు రుజువు చెయ్యలేదు కాబట్టి సమానత్వం ప్రకారం ఆమె వారసులకి వాటా ఇవ్వాలంది. అది మనకి బలమే. కానీ ఆ బలం అందుకోడానికి ఆ కుటుంబం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. రాజోలు నుంచి ఢిల్లీ వెళ్ళి కొట్లాడే శక్తి మనలో ఎంతమందికి ఉంది?

అందుకే చెప్తున్నాం. మన ఆడపిల్లలకి వీలునామాయే దాదాపు ఒకే ఒక్క తలుపు. ఆ తలుపుకి చెల్లని షరతు తగిలించడం అంటే తలుపు తీసినట్టే తీసి గోడ కట్టడం.

ఒక లెక్క వేసి చూద్దాం

ఊహించిన ఉదాహరణే, కానీ ఇలాంటివి మనందరం విన్నాం. రాజోలు దగ్గర ఒక పెద్దాయన, రిటైర్డ్ ఉద్యోగి. సొంతంగా కొన్న 60 సెంట్ల కొబ్బరితోట, బ్యాంకులో 2 లక్షల డిపాజిట్. పెంచిన మేనకోడలు ఒకతి, తమ్ముడి కొడుకు ఒకడు. తోట గురించి ఇలా రాయించాడు: "నా మేనకోడలు, ముగ్గురు పెద్దల సమ్మతితో వివాహము చేసుకున్నచో తోట ఆమెకు చెందవలెను." ముగ్గురి పేర్లూ రాశాడు.

ఇది చెల్లని షరతు కాదు. పలానావారి సమ్మతితో పెళ్ళి చేసుకోవాలన్న షరతుని చట్టం ఒప్పుకుంటుంది. మనకి నచ్చకపోయినా అది నిజం. కానీ సెక్షన్ 128 అంటుంది, గుమ్మం ముందు షరతు సారాంశంలో తీరితే చాలు అని. దాని ఉదాహరణల ప్రకారం చూస్తే:

ఒక పెద్ద రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు, ఇంకొకాయన పెళ్ళికొచ్చి కూర్చున్నాడు, మూడో ఆయన పెళ్ళికి ముందే కానుక పంపాడు. సమ్మతి ఉన్నట్టే. ఆమె స్వయంగా వెళ్ళి చెబితే విని అభ్యంతరం పెట్టకపోయినా సమ్మతి ఉన్నట్టే.

ముగ్గురిలో ఒకాయన పెళ్ళికి ముందే చనిపోయాడు. మిగతా ఇద్దరి సమ్మతి చాలు.

ముగ్గురూ బతికే ఉన్నారు, ఇద్దరే ఒప్పుకున్నారు. షరతు తీరలేదు, తోట రాదు.

ముగ్గురూ ముందు ఒప్పుకుని, ఏ కారణమూ లేకుండా మాట మార్చారు, అయినా ఆమె అదే అబ్బాయిని చేసుకుంది. షరతు తీరినట్టే.

పెళ్ళి చేసేసుకుని తరవాత కాళ్ళు పట్టుకుని సమ్మతి తెచ్చుకుంది. తీరలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మనవాళ్ళు ఎక్కువగా ఇక్కడే పడతారు. "పిల్ల పుట్టాక అందరూ కలిసిపోయారు కదా" అన్నది కుటుంబంలో చెల్లుతుంది, ఈ సెక్షన్ దగ్గర చెల్లదు. వీలునామా రాసినాయన బతికుండగానే ఆమె పెళ్ళి చేసుకుని, ఆయనే తరవాత ఒప్పుకుంటే మాత్రం తోట వస్తుంది.

ఇప్పుడు అదే పెద్దాయన వాక్యం మార్చి రాశాడనుకోండి. "తోట నా మేనకోడలికి చెందవలెను, అయితే ముగ్గురు పెద్దల సమ్మతి లేకుండా వివాహము చేసుకున్నచో నా తమ్ముని కుమారునికి పోవలెను." వినడానికి ఒకటే లాగుంది. కానీ ఇప్పుడు సెక్షన్ 132 వస్తుంది. ఆస్తి ఒకరి చేతిలోంచి ఇంకొకరికి పోవాలంటే షరతు అక్షరాలా జరిగి తీరాలి, సారాంశం కుదరదు. ముగ్గురిలో ఒకాయన ముందే చనిపోయాడా, ఆ తరవాత మిగిలిన ఇద్దరి సమ్మతి లేకుండా పెళ్ళి చేసుకున్నా తోట తమ్ముడి కొడుక్కి పోదు. "ముగ్గురి" సమ్మతి లేకుండా అన్నది అక్షరాలా జరిగే అవకాశమే పోయింది కాబట్టి. ఇంకో ఉదాహరణ కూడా ఉంది. మొదటి పెళ్ళి సమ్మతితోనే అయ్యి, భర్త పోయి, రెండో పెళ్ళి సమ్మతి లేకుండా చేసుకుంటే, అప్పుడూ తోట పోదు.

చట్టం ఇక్కడ ఒక్క సూత్రం మీద నడుస్తోంది. ఇచ్చే దగ్గర ఉదారంగా చూడు, లాక్కునే దగ్గర కఠినంగా చూడు. మంచి సూత్రమే. ఇది తెలిసినవాళ్ళు ఎంతమంది అన్నదే మా బాధ. తమ్ముడి కొడుకు గట్టిగా మాట్లాడి, నోటీసు పంపి, ఊళ్ళో నలుగురి ముందు "వీలునామాలో ఉంది" అంటే మన అమ్మాయి తాళాలిచ్చి వచ్చేస్తుంది.

"మన కులంలోనే" అన్న ముక్క

సమ్మతి షరతు వేరు, కులం షరతు వేరు. 1925 చట్టంలో కులం పేరెత్తి ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని లేదు. అసలు పెళ్ళే చేసుకోకూడదు అన్న షరతుని కోర్టులు ప్రజాహితానికి విరుద్ధంగా చూస్తాయి. ఫలానా వర్గంలోనే చేసుకో అన్న పాక్షిక షరతుల్ని ఇంగ్లండు కోర్టులు పాతకాలం నుంచీ చాలావరకు ఒప్పుకుంటూ వచ్చాయి. ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటాడు. కాబట్టి "కులం షరతు ఎలాగూ కొట్టేస్తారు" అని మేము మీకు హామీ ఇవ్వం. మా వాదన మాత్రం చెప్తాం.

ఒకటి. మేజర్లైన ఇద్దరు ఒకరినొకరు ఎంచుకున్నాక కుటుంబం అనుమతి, కులం అనుమతి అక్కర్లేదని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కులాంతర వివాహాలు దేశ హితానికి మంచివని 2006లో లతా సింగ్ కేసులో చెప్పింది. ఒకపక్క కోర్టు కాపాడుతున్న ఎంపికని ఇంకోపక్క వీలునామాతో శిక్షించడం సెక్షన్ 127 అనే "నీతికి విరుద్ధం" కిందికే వస్తుందని మా వాదన.

రెండు. "మన కులం" అంటే ఏది? ఎరుకల్లోనే ఎన్ని శాఖలున్నాయి, ఊరికో లెక్క. తల్లి ఎరుకల, తండ్రి వేరే అయిన అబ్బాయి మన కులమా కాదా? క్రైస్తవం తీసుకున్న యానాది అబ్బాయి? "మంచి కుటుంబం", "తగిన సంబంధం" అన్న మాటలు ఇంకా ఘోరం. అర్థం తేలని వాక్యం చెల్లదని సెక్షన్ 89 అంటుంది. 1943లో ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్, క్లేటన్ వర్సెస్ రామ్స్‌డెన్ కేసులో ఇలాంటిదే తేల్చింది. యూదు సంతతి కాని, యూదు మతం కాని వాణ్ణి చేసుకుంటే కూతురి ఆస్తి పోతుందని తండ్రి రాశాడు. ఎంత రక్తం ఉంటే యూదు సంతతి అంటారో వీలునామా చెప్పలేదని ఆ షరతు కొట్టేశారు. అక్కడ షరతు వెనకాల ఉంది కాబట్టి కూతురు గెలిచింది. గుమ్మం ముందు ఉన్నట్టయితే? మళ్ళీ పాత కథే, ఇచ్చింది మొత్తం ఎగిరిపోయే ప్రమాదం.

అందుకే కోర్టులో వాదన రెండో దశ. రాసే రోజున ఆ ముక్క పడకుండా ఆపడం మొదటి దశ.

"భూమి బయటికి పోతుంది కదా" అనే పెద్దలకి

మన పెద్దలు చెప్పే ఒక మాటని మేము తేలిగ్గా తీసుకోం. "ఏజెన్సీలో 1/70 ఉంది, అక్కడ గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోదు. ఇక్కడ డెల్టాలో మనకి ఏ రక్షా లేదు. పిల్ల బయటివాణ్ణి చేసుకుంటే ఉన్న అరెకరం కూడా వాళ్ళ ఇంటికి పోతుంది. అందుకే రాస్తున్నాం." భయం నిజమైనదే. మందు తప్పు.

పెళ్ళితో భార్య భూమి భర్తది అయిపోదు. పాస్‌పుస్తకం ఆమె పేరు మీదే ఉంటుంది, ఆమె సంతకం లేకుండా ఎవరూ అమ్మలేరు. భూమి కుటుంబంలోనే ఉండాలి అన్నదే మీ కోరిక అయితే, ఆమె బతికున్నంత కాలం ఆమె అనుభవించేలా, ఆ తరవాత ఆమె పిల్లలకి పూర్తిగా చెందేలా రాయండి. ఆమె ఎవర్ని చేసుకుంది అన్న ప్రశ్నే రాదు, భూమి అమ్ముడూ పోదు. ఇది మేము సగం మనసుతోనే చెప్తున్నాం, ఎందుకంటే అమ్ముకునే హక్కు లేని ఆస్తి సగం ఆస్తే. పరిమిత హక్కు ఎలాంటిదో నెల్లూరు తులశమ్మ కేసు చూస్తే తెలుస్తుంది. భర్త పోయాక మనోవర్తి కోసం ఆమెకి 1949 రాజీలో ఆస్తి ఇచ్చారు, బతికున్నంత కాలం అనుభవించు, అమ్మకూడదు అన్నారు. 1977లో సుప్రీంకోర్టు ఆమెని పూర్తి యజమానిని చేసింది. దేనితో చేసింది? 1956 చట్టం సెక్షన్ 14(1)తో. అదే చట్టం మనకి వర్తించదు. కాబట్టి మన ఆడవాళ్ళకి ఇచ్చిన సగం హక్కు సగం హక్కుగానే మిగిలిపోయే ప్రమాదం ఎక్కువ. ఇదంతా తెలిసి ఎంచుకోండి.

ఇంకో మాట. భూమి బయటికి పోతుందన్న భయం నిజంగా భూమి గురించే అయితే, కొడుకు వాటాకి కూడా అదే కాపలా పెట్టాలి. ఈ డెల్టాలో అప్పుకింద, తాగుడుకింద, తాకట్టుకింద భూమి అమ్మింది ఎక్కువగా ఎవరు? వాళ్ళ మీద షరతు ఎప్పుడైనా రాశారా?

"డిగ్రీ పాసైతే" అనే ప్రేమ షరతు

చదువు మీద షరతు రాసేవాళ్ళ మనసు మంచిదే. కానీ దాని గొయ్యి దానికుంది. పై పెద్దాయన డిపాజిట్ గురించి "నా మేనకోడలు డిగ్రీ పాసైనచో 2 లక్షలు ఇవ్వవలెను" అని మాత్రమే రాశాడనుకోండి. గడువు రాయలేదు. సెక్షన్ 124 ప్రకారం, జరుగుతుందో లేదో తెలియని సంఘటన మీద ఇచ్చి, ఎప్పటిలోగా అన్నది రాయకపోతే, డబ్బు పంచాల్సిన సమయానికి ముందే అది జరిగి ఉండాలి. ఆయన పోయేనాటికి ఆమె ఇంకా సెకండియర్‌లో ఉంటే? తమ్ముడి కొడుకు ఇదే పట్టుకుంటాడు.

గడువు రాస్తే మాత్రం తేలికా? "2027 లోగా పాసవ్వాలి" అని రాస్తే 2027 లోగానే అవ్వాలి, సెక్షన్ 137 అందులో దయ చూపదు. ఒక్క సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉండి 2028లో పాసైతే పోయినట్టే. ఒక్క మినహాయింపు మోసం. ఎవరైనా మోసంతో అడ్డుపడితే, ఆ మోసం వల్ల జరిగిన ఆలస్యం మేరకి గడువు పెరుగుతుంది. కాబట్టి సర్టిఫికెట్లు దాచారనీ, వీలునామా చూపించలేదనీ అనుమానం ఉంటే తేదీలతో సహా రాసిపెట్టుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు.

దీనికి సరైన దారి అదే చట్టంలో ఉంది. "2 లక్షలు నా మేనకోడలికి పూర్తిగా ఇస్తున్నాను, ఆమె డిగ్రీ చదువుకు వాడవలెను" అని రాస్తే అది షరతు కాదు, సూచన. డబ్బు పూర్తిగా ఇచ్చేశాక ఇలా ఖర్చుపెట్టు అని చెప్పే మాట ఆమెని కట్టెయ్యదని సెక్షన్ 138 అంటుంది. ఆమె చదివితే మంచిది. తల్లి జబ్బుపడి చదువు ఆగిపోయినా డబ్బు ఆమెదే. చదువు ఆగిపోయిన పిల్లకే ఆ డబ్బు అవసరం ఎక్కువ కదా! పాసైతేనే ఇస్తాననే షరతు సరిగ్గా ఆ పిల్లనే వదిలేస్తుంది.

మేము అడుగుతున్నది

పెద్దలకి: ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. "నా కూతురికి పూర్తి హక్కులతో చెందవలెను" అన్న వాక్యం చాలు, దాని తరవాత చుక్క పెట్టండి. తప్పనిసరిగా ఏదైనా షరతు రాయాలనిపిస్తే ముందు ఆస్తి ఇవ్వండి, తరవాత షరతు రాయండి. "చేసుకుంటేనే", "మాత్రమే", "అయినచో మాత్రమే" అనే మాటలు కొట్టేయించండి. ఇప్పటికే రాసినవాళ్ళు బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల ముందు కొత్తది రాసి, పాతది రద్దు చేస్తున్నానని అందులో ఒక వాక్యం పెడితే సరిపోతుంది.

అమ్మాయిలకి: వీలునామాలో షరతు ఉందని ఎవరైనా అంటే నోటిమాట నమ్మకండి, కాగితం నకలు అడగండి. చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆస్తి ముందొచ్చి షరతు తరవాతొచ్చిందా, షరతే ముందుందా? మీరు తప్పితే ఎవరికి పోవాలో పేరు రాశారా? గడువు తేదీ ఉందా? ఈ మూడింటికీ జవాబు రాసుకుని అప్పుడు వకీలు దగ్గరికి వెళ్ళండి. అమలాపురం కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీని అడిగితే, ఎస్టీలకీ ఆడవాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలి. అది 1987 చట్టం సెక్షన్ 12 ఇచ్చిన హక్కు. అంతవరకూ ఏ రాజీ కాగితం మీదా సంతకం పెట్టకండి, తోట తాళాలు ఇవ్వకండి.

కుర్రాళ్ళకి: అక్క వాటా మీద షరతు రాస్తుంటే ఎదురుగా కూర్చుని మౌనంగా ఉండకండి. ఆ షరతు తప్పితే లాభపడేది మీరే. "నా వాటాకి లేని షరతు అక్క వాటాకి ఎందుకు?" అని ఆ గదిలో అడగాల్సింది కూడా మీరే.

ప్రభుత్వానికి: సుప్రీంకోర్టే చూడమన్న సెక్షన్ 2(2)ని ఇంకెప్పుడు చూస్తారు? అంబేద్కర్ పేరు పెట్టిన జిల్లాలో ఒక ఎరుకల అమ్మాయికి తండ్రి ఆస్తిలో చట్టం ఇచ్చిన వాటా లేదు. మా ఆచారాల్ని గౌరవించడం అంటే మా ఆడపిల్లల్ని ఖాళీ చేతులతో పంపడం కాదు. ఆచారాలు మావి, వాటిని చర్చించుకుని మార్చుకునే హక్కూ మాదే. ఆ చర్చ మొదలుపెడదాం. ఈ ఆదివారం నుంచి ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి ఇంట్లో వాళ్ళు.

మీ ఇళ్ళలో ఇలాంటి వాక్యాలున్న కాగితాలుంటే పేర్లు, సర్వే నంబర్లు తీసేసి ఆ వాక్యం మాత్రం కామెంట్‌లో పెట్టండి. గుమ్మం ముందు షరతా, వెనకాల షరతా అని అందరం కలిసి చూద్దాం.

జోహార్. జై భీమ్. జై ఆదివాసీ.